"మట్టి కరిచింది" అని రాస్తే జట్టు మొత్తం చచ్చిపోయిందా అని అడిగారు: జర్మన్‌లోకి సామెతలు ఎలా తీసుకెళ్తున్నారు?

దుత్త_దొరికింది
పరువు పోయిన కథ ఇది. ఒక చిన్న క్రీడా వ్యాసం తెలుగు నుంచి జర్మన్‌లోకి చేసి ఇచ్చాను. అందులో "నిరుడు కప్పు గెలిచిన జట్టు ఈసారి మొదటి మ్యాచ్‌లోనే మట్టి కరిచింది" అని ఉంది. నాకు జర్మన్ బాగానే వచ్చు కానీ నుడికారం దగ్గర ఇంగ్లీషును వంతెనగా వాడే అలవాటు. మట్టి కరవడానికి ఇంగ్లీషులో "బైట్ ద డస్ట్" ఉంది కదా, దాని ఎదురుగా నిఘంటువులో "ఇన్స్ గ్రాస్ బైసెన్" కనిపించింది. మాటకు మాట చూస్తే గడ్డి కరవడం. మట్టికి గడ్డి ఎంత దూరం అనుకుని పెట్టేశాను.

సంపాదకురాలి నుంచి మెయిల్ వచ్చింది: "బస్సు ప్రమాదం ఏమైనా జరిగిందా? జట్టు మొత్తం ఎలా చనిపోయింది?"

అది సరిదిద్దుకున్నాను. ఇప్పుడు చేతిలో ఒక కథ ఉంది, నిండా సామెతలే. ముఖ్యంగా ఈ వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. భార్య భర్త గురించి అంటుంది: "అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆఫీసులో పడ్డ తిట్లన్నీ పిల్లాడి మీద తీర్చుకున్నాడు." మీరైతే ఏం చేస్తారు?

కామా_రావు
జట్టుకు నా ప్రగాఢ సానుభూతి.

నిఘంటువు_పురుగు
ముందు ఆ గడ్డి సంగతి చెప్తాను, ఎందుకంటే తప్పు జరిగింది జర్మన్‌లో కాదు, వంతెన మీద. ఇంగ్లీషు నుడికారానికి రెండు అర్థాలున్నాయి, చావడం ఒకటి, ఓడిపోవడం ఒకటి. తెలుగు మట్టి కరవడంలో ఓటమి మాత్రమే ఉంది. జర్మన్ గడ్డి కరవడంలో చావు మాత్రమే ఉంది. మీరు వంతెన ఎక్కింది ఓటమి వైపు నుంచి, దిగింది చావు వైపు. మూడు భాషల్లోనూ నోట్లో నేల పడుతుంది కాబట్టి అనుమానం రాదు. బొమ్మ ఎంత దగ్గరగా ఉంటే అంత జాగ్రత్తగా ఉండాలి.

ఓడిపోవడానికి జర్మన్‌లో "డెన్ క్యుర్త్సెరెన్ త్సీయెన్" అంటారు, పొట్టి పుల్ల లాగడం. ఇక గడ్డి కరవడానికి తెలుగులో సరైన జోడీ ఏమిటంటే "బాల్చీ తన్నేశాడు", "టపా కట్టేశాడు". మర్యాద లేని మాట, సంతాప సందేశంలో వాడలేం. "డెన్ ల్యోఫెల్ అప్‌గేబెన్", అంటే చెంచా అప్పగించేయడం, అదీ ఈ వరసదే.

సగం_జర్మన్
బాల్చీ తన్నడం అసలు ఇంగ్లీషు నుంచి దిగుమతి అయిన మాటే కదా? అంటే మాటకు మాట తర్జుమా చేసినా ఒక్కోసారి బతుకుతుందన్నమాట. మరి చెంచా అప్పగించడాన్ని కూడా తెలుగులోకి తెచ్చేద్దాం.

కామా_రావు
"మా బాబాయి చెంచా అప్పగించాడు" అంటే ఏదో పార్టీ మారాడనుకుంటారు.

ష్టామ్‌టిష్_శీను
అత్త, దుత్త సంగతికి జర్మన్‌లో రెడీమేడ్ సామెత ఉందండీ, ఇంత ఆలోచన ఎందుకు? "మన్ ష్లేగ్ట్ డెన్ జాక్ ఉంట్ మైన్ట్ డెన్ ఏజెల్." కొట్టేది మూటని, ఉద్దేశించింది గాడిదని. కోపం ఒకరి మీద, దెబ్బ ఇంకొకరికి. అచ్చం అదే. నేను క్లాసులో ఎప్పుడూ ఇదే చెప్తాను.

దుత్త_దొరికింది
శీను గారూ, నేనూ మొదట అదే పెట్టాను. చదివితే ఏదో తేడాగా ఉంది. ఏమిటో పట్టుకోలేకపోయాను.

నిఘంటువు_పురుగు
తేడా ఇక్కడ ఉంది. మూటను కొట్టేవాడికి గాడిద మీద భయం లేదు. దెబ్బ చప్పుడు గాడిదకు వినిపించాలనే కొడతాడు. సభలో గుమాస్తాని విమర్శించి మంత్రికి తగిలేలా మాట్లాడితే జర్మన్ పత్రికలు ఈ సామెత వాడతాయి. అందులో తెలివి ఉంది, గురి ఉంది.

దుత్త పగలగొట్టే కోడలికి గురి లేదు. అత్తను ఏమీ అనలేదు కాబట్టే చేతికందిన కుండ మీద పడింది. అత్తకు తెలియకూడదు కూడా. తెలుగు సామెతలో ఉన్నది చేతకానితనం, జర్మన్ సామెతలో ఉన్నది ఎత్తుగడ. ఈ కథలో భర్త పిల్లాణ్ణి కొడితే మేనేజరుకు ఏం వినిపిస్తుంది? మూట సామెత పెడితే భర్త ఏదో వ్యూహం పన్నినట్టు అవుతుంది.

తెలుగులో మూట సామెతకు దగ్గరగా వెళ్ళాలంటే "కూతుర్ని తిట్టి కోడలికి చెప్పినట్టు" అనే వాడుక చూడండి. గాడిదకు అది సరిపోతుంది.

ష్టామ్‌టిష్_శీను
ఒప్పుకోను. రోజువారీ మాటల్లో ఇంత సన్నగా ఎవరూ చూడరు. నా జర్మన్ పొరుగాయన కోపాన్ని వేరేవాళ్ళ మీద తీర్చుకునే సందర్భంలో కూడా వాడటం విన్నాను.

నిఘంటువు_పురుగు
మీ పొరుగాయన వాడి ఉండొచ్చు, కాదనను. కానీ అనువాదంలో చదివేవాళ్ళు వేలమంది, అందులో ఎక్కువమందికి గురి ఉన్న అర్థమే తడుతుంది. నేను చేసే పరీక్ష చెప్తాను. `dwds.de` లో సామెత ముఖ్యపదాలు రెండు కొట్టి పత్రికల ఉదాహరణలు ఓ పది చదువుతాను. అర్థం కోసం కాదు. ఎవరు, ఎవరి గురించి, ఏ మూడ్‌లో అంటున్నారో చూస్తాను. నిఘంటువు అర్థం చెప్తుంది, స్వరం చెప్పదు. స్వరానికి డూడెన్ నిఘంటువు 11వ సంపుటం కొంత సాయం, వాడుక మాటా, మోటు మాటా అని గుర్తు పెట్టి ఉంటుంది. అయినా పది ఉదాహరణలు చదివితే వచ్చే రుచి గుర్తులతో రాదు.

మెడా_కాలూ
నాదీ ఒకటి వినండి. థీసిస్ వైవాకి ముందురోజు జర్మన్ స్నేహితుడు "హాల్స్ ఉంట్ బైన్‌బ్రుఖ్" అని మెసేజ్ పెట్టాడు. అమ్మ ఫోన్లో ఉంది, ఏమిట్రా అది అంటే, ఉత్సాహంగా "మెడా కాలూ విరగాలని దీవించాడమ్మా" అన్నాను. అమ్మ ఆ తర్వాత మూడు నెలలు "ఆ మెడ విరిచేవాడు ఎలా ఉన్నాడు" అనే అడిగింది. "శుభం జరగాలన్నాడు" అని ఊరుకుంటే సరిపోయేది.

కామా_రావు
అమ్మదే సరైన అనువాదం.

పల్లవి_99
జర్మన్ ఏ1 పరీక్షకి ఈ సామెతలు వస్తాయా? ఎన్ని నేర్చుకోవాలి? లిస్టు ఉంటే పెట్టండి ప్లీజ్.

సగం_జర్మన్
పల్లవి గారూ, ఏ1లో మీ పేరు, ఊరు, టైమ్ ఎంతయింది. సామెతలు రావు, టెన్షన్ పడకండి.

దుత్త_దొరికింది
పురుగు గారూ, సరే, మూట తీసేశాను. మరి ఏం పెట్టాలి? "కోపం పిల్లాడి మీద తీర్చుకున్నాడు" అని మామూలుగా రాస్తే ఆ భార్య గొంతు పోతోంది. అలా కాదని అత్తనూ కుండనూ అలాగే జర్మన్‌లోకి దింపాను: "అత్తగారు కోపం తెప్పిస్తే కుండ బలి కావాలి" అన్నట్టుగా. "డ్రాన్ గ్లౌబెన్ ముస్" అనే నుడికారం వాడాను. చదవడానికి బాగానే ఉంది.

నిఘంటువు_పురుగు
బాగానే ఉంది కానీ ఆ వాక్యంలో కొత్త మనిషి పుట్టింది. భర్త గురించి చెప్తూ అత్తగారు అంటే జర్మన్ పాఠకుడికి ఎవరు కనిపిస్తారు? భర్తకు అత్త, అంటే ఈ మాట అంటున్న ఆవిడ తల్లి! తెలుగులో "అత్త" అనగానే సామెత కోడలిది అని మనకు పుట్టుకతో తెలుసు. జర్మన్‌లో అత్తగారి జోకులు ఎక్కువగా అల్లుడి వైపువే. ఆఫీసు గొడవలోకి మూలంలో లేని ఒక తల్లి నడిచొస్తుంది, పాఠకుడు పేజీ వెనక్కి తిప్పి చూస్తాడు.

సగం_జర్మన్
అబ్బ, ఇది నాకు తట్టలేదు.

రైలుపట్టా
చాలా దూరం వెళ్తున్నారు. నేను పన్నెండేళ్ళుగా మాన్యువల్స్, ఒప్పందాలు అనువదిస్తున్నాను. సామెత కనిపిస్తే అర్థం రాసేసి ముందుకెళ్తాను. పాఠకుడికి కావలసింది సమాచారం.

దుత్త_దొరికింది
మాన్యువల్‌లో సామెతలు ఎవరు రాస్తారండీ?

రైలుపట్టా
రాస్తారు. ఒక యంత్రం మాన్యువల్ ముందుమాటలో మేనేజరు "ఒకే దెబ్బకు రెండు పిట్టలు" అని రాశాడు. జర్మన్‌లో పిట్టలుండవు, ఈగలు: ఒకే ఈగల కర్రతో రెండు ఈగలు. అది మాత్రం పెట్టాను, ఎందుకంటే రెంటికీ ఒకటే అర్థం, ఒకటే మూడ్. గోరంతను కొండంత చేయడం కూడా అంతే, వాళ్ళు దోమను ఏనుగు చేస్తారు. ఇలా కుదిరేవి కుదురుతాయి. మిగతావాటి కోసం నాలుగు రోజులు కూర్చుంటే నాకు గిట్టుబాటు కాదు.

పొరుగింటి_కూర
నా హ్యాండిల్‌కి జర్మన్ జోడీ దొరికిన రోజు ఎగిరి గంతేశాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటే వాళ్ళు "డీ కిర్షెన్ ఇన్ నాఖ్‌బార్స్ గార్టెన్" అంటారు, పక్కింటి తోటలో చెర్రీలు మరీ తియ్యగా ఉంటాయట. ఇంగ్లీషు వాళ్ళ పచ్చగడ్డి కంటే ఇదే మనకు దగ్గర. అందులో నాలుక ఉంది. దూరపు కొండలు నునుపు అని రాయబోయారు మా గ్రూపులో ఒకరు, నేను అడ్డుపడ్డాను. అది దూరం వల్ల వచ్చే భ్రమ, దగ్గరికెళ్తే రాళ్ళు కనిపిస్తాయి. కూరలో దూరం లేదు, గోడ అవతలే ఉంది. అసూయ ఉంది.

నిఘంటువు_పురుగు
కూర గారి ఉదాహరణ చాలా బాగుంది. ఇంగ్లీషును మధ్యలో పెట్టుకుని ఉంటే చెర్రీలు కనిపించేవే కావు.

దుత్త గారి వాక్యానికి నా ప్రయత్నం. జర్మన్‌లో "ఆవుస్‌బాడెన్" అనే క్రియ ఉంది. ఇంకొకరు చేసినదానికి శిక్ష తాను అనుభవించడం. ఇంట్లో, వీధిలో, చికాకుగా అనే మాట. "డేర్ షెఫ్ బ్ర్యుల్ట్, ఉంట్ డేర్ క్లైనె ముస్ ఎస్ ఆవుస్‌బాడెన్." బాసు అరిచాడు, బుడ్డోడు అనుభవించాలి. సామెత పోయింది, అత్త, దుత్త అనే ప్రాస పోయింది. కానీ చిన్న వాక్యం, రెండు ముక్కలు, మొదటి ముక్కలో పెద్దవాడు, రెండో ముక్కలో ఏమీ తెలియని చిన్నవాడు. తెలుగు సామెత నడక అదే. భార్య విసుగు వినిపిస్తుంది.

ష్టామ్‌టిష్_శీను
ఇందులో తెలుగుతనం ఏదండీ? ఏ జర్మన్ భార్య అయినా అనే మాట. తెలుగు కథ అని పుస్తకం మీద రాసుకుని లోపల తెలుగు కుండ ఒక్కటీ లేకపోతే ఎందుకు చదవాలి?

దుత్త_దొరికింది
అదే నా బాధ కూడా శీను గారూ.

నిఘంటువు_పురుగు
శీను గారి మాటలో న్యాయం ఉంది. నేను ఇలా చూస్తాను: ఆ సామెతను పాత్ర కావాలని అందా, నోటికొచ్చి అందా? ఆఫీసు గొడవ చెప్తూ భార్యకు అది నోటికొచ్చింది. తెలుగులో "నట్టు" అనే తోక తగిలిస్తే చాలు, సామెత వాక్యం మధ్యలో ఎక్కడైనా వేలాడుతుంది, ఎవరూ ఆగి చూడరు. జర్మన్‌లో ఆ తోక లేదు. అక్కడ సామెత సొంతకాళ్ళ మీద నిలబడే పూర్తి వాక్యం, అందుకని పలికిన ప్రతిసారీ కాస్త గంట కొట్టినట్టు ఉంటుంది. ఒకే పేజీలో మూడు వస్తే "కలెండర్‌ష్ప్రుఖ్" అంటారు, రోజుకో సూక్తి రాసే క్యాలెండర్ కాగితం లాంటి మాట అని. తెలుగులో చలాకీగా ఉన్న ఆవిడ జర్మన్‌లో నీతులు చెప్పే మనిషవుతుంది.

కథలో ఇంకెవరైనా కావాలని సామెతలు వేసే మనిషి ఉన్నారా? కుండలన్నీ వాళ్ళకివ్వండి.

దుత్త_దొరికింది
ఉంది! నాయనమ్మ. మనవడు పరీక్షలో కాపీ కొట్టి దొరికితే, అబద్ధపు బిల్లులు పెట్టే కొడుకు వాణ్ణి తిడుతుంటాడు. నాయనమ్మ అంటుంది: "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" దీనికి నేను "డేర్ ఆప్‌ఫెల్ ఫెల్ట్ నిష్ట్ వైట్ ఫోమ్ ష్టామ్" పెట్టాను. యాపిల్ చెట్టుకు దూరంగా పడదు.

సగం_జర్మన్
యాపిల్ అంటే "పులి కడుపున పిల్లి పుడుతుందా" కదా?

పొరుగింటి_కూర
పులి పొగడ్త. పాటగాడి కొడుకు బాగా పాడితే పులి. దొంగ బిల్లులు పెట్టేవాడి కొడుక్కి పులి అంటే నాయనమ్మకి మతిపోయిందనుకుంటారు.

నిఘంటువు_పురుగు
యాపిల్ రెంటికీ పడుతుంది. మెచ్చుకుంటూ అనొచ్చు, మూతి తిప్పుతూ అనొచ్చు, మూతి తిప్పడమే కొంచెం ఎక్కువ. కాబట్టి జర్మన్ నుంచి తెలుగుకి వచ్చేటప్పుడు పులా, ఆవా అని మనమే తేల్చుకోవాలి. తెలుగు నుంచి వెళ్ళేటప్పుడు ఆ తేల్చడం పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి. యాపిల్ తనంతట తనే పడుతుంది, ఎవరి తప్పూ లేదు. ఆవు చేలో పడటం తప్పు. నాయనమ్మ తిడుతున్నది దూడని కాదు, ఎదురుగా నిలబడ్డ ఆవుని. పైగా ప్రశ్న వేసి కొడుకునే జవాబు చెప్పమంటోంది. యాపిల్‌లో ఆ నిలదీత లేదు.

దీన్ని ఆవుతోనే చేయండి. పల్లె ఆవు జర్మన్లకీ తెలుసు, వివరణ అక్కర్లేదు.

దుత్త_దొరికింది
చేశాను ఇప్పుడే. "ఆవు ఫెల్డ్‌లో మేస్తే..." అని.

నిఘంటువు_పురుగు
ఫెల్డ్ అంటే వాళ్ళకి ఒట్టి పొలం. ఆవు పొలంలో మేస్తే ఏమైంది, మేయడానికేగా, అనుకుంటారు. మన "చేను" అన్న మాటలోనే పంట ఉంది, నష్టం ఉంది. "కోర్న్" పెట్టండి, కోతకొచ్చిన ధాన్యం. అప్పుడు తప్పు కనిపిస్తుంది. గట్టుకి "రైన్" అనే పాత మాట ఉంది, పొలాల మధ్య గడ్డి గట్టు. ముసలావిడ నోట్లో పాత మాట బాగుంటుంది.

"ష్టేట్ డీ కూ ఇమ్ కోర్న్, బ్లైప్ట్ దస్ కాల్ప్ డన్ అమ్ రైన్?"

ఆవు చేలో నిలబడితే దూడ గట్టునే ఉంటుందా. కూ, కోర్న్, కాల్ప్, మూడు కకారాలు దానంతటవే కలిశాయి. జర్మన్‌లో ఇలాంటి సామెత లేకపోయినా ఉందేమో అనిపిస్తుంది.

కామా_రావు
కకారాలు దానంతటవే కలిశాయట. ఈయన రాత్రి నిద్రపోలేదు.

ష్టామ్‌టిష్_శీను
ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను, బాగుంది. కానీ లేని సామెతను ఉన్నట్టు పుట్టించడం మోసం కాదా? కాండర్ వాండర్ ఎవరో పెద్ద సామెతల నిఘంటువు చేశారుగా, అందులో వెతికితే ఆవుదే ఏదో ఒకటి దొరికేది.

నిఘంటువు_పురుగు
వాండర్. 1867 నుంచి 1880 దాకా ఐదు సంపుటాలు. మన తెలుగు సామెతలకు ఇంగ్లీషు అర్థాలతో కార్ దొర వేసిన పుస్తకం కూడా 1868దే. వాండర్‌లో ఆవులూ దూడలూ కావలసినన్ని ఉంటాయి, కానీ అందులో చాలావాటిని ఇవాళ ఎవరూ అనరు. పాఠకుడికి తెలియని నిజం సామెత కంటే, వినగానే అర్థమయ్యే కొత్త వాక్యం నయం కదా. మోసమంటారా, నాయనమ్మ తెలుగు మనిషి అని పాఠకుడికి తెలుసు. ఆవిడ సామెత ఆవిడది.

రైలుపట్టా
ఎగతాళికి కాదు, నిజంగా అడుగుతున్నాను. "ష్వైన్ గెహాప్ట్" ని ఏం చేస్తారు? పంది దొరికింది అంటే అదృష్టం కలిసొచ్చిందని. నిన్న ఒక మెయిల్‌లో వచ్చింది. "నక్క తోక తొక్కావు" అని రాశాను. పందికి నక్క, బాగుందనిపించింది.

పొరుగింటి_కూర
సందర్భం ఏమిటి?

రైలుపట్టా
టెక్నీషియన్ ఒకతను కరెంటు ఆపకుండా మూత తీశాడు. అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. పై అధికారి రాసిన మెయిల్.

నిఘంటువు_పురుగు
అక్కడ నక్క వద్దు. నక్క తోక తొక్కితే కలిసొస్తుంది, లాటరీ తగులుతుంది. జర్మన్ పంది రెండు పనులూ చేస్తుంది, ముఖ్యంగా తన తప్పు ఉన్నా తృటిలో బయటపడ్డవాడికి బాగా వాడతారు. "బతికిపోయావు" అనండి, చీవాట్లు కూడా అందులోనే వస్తాయి.

రైలుపట్టా
మార్చాను. మెయిల్ ఇంకా పంపలేదులెండి, నేనూ బతికిపోయాను.

దుత్త_దొరికింది
సంపాదకురాలికి రెండూ పంపాను. ఆవు వాక్యం వెంటనే ఒప్పుకుంది, "ఇది మా అమ్మమ్మ కూడా అనేదేమో" అంది. భార్య వాక్యం దగ్గర మాత్రం, ఎక్కడో మా సంభాషణలో కుండ గురించి విన్నది కాబట్టి, "ఆ కుండ ఏమైంది, అది నాకు కావాలి" అంటోంది. బాసు వాక్యం తర్వాత భార్య చేతిలో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు ఒకటి రాయనా అని అడిగాను. మూలంలో లేదు కదా అంది. మూలంలో దుత్త ఉంది కదా అన్నాను. రచయితను అడగమంది.

ష్టామ్‌టిష్_శీను
అడగండి. రచయిత వద్దంటే మూట, గాడిద ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

పల్లవి_99
ఏ2లో వస్తాయా?